పాట ఆగగానే మైకు ఎందుకు కూస్తుంది?

ఒక పాఠకుడి ప్రశ్న: "మా ఆర్కెస్ట్రాకి డిజిటల్ మిక్సర్ కొన్నాం. గాయకుడు పాడుతున్నంతసేపూ బాగుంటుంది. పల్లవి ముగించి ఆగగానే మైకు కూత అందుకుంటుంది. ఎందుకు?" ఇలాంటప్పుడు మైకు మార్చి, వైరు మార్చి, చివరికి హాలు మీదకి నెట్టేయడం మామూలే. చాలాసార్లు అసలు సంగతి, గట్టి శబ్దాన్ని తనంతట తానే తగ్గించే కంప్రెసర్ ఉండకూడని చోట ఉండటం.

మైకులోకి వెళ్లిన గొంతు గాయకుడి ముందున్న మానిటర్ బాక్సులోంచి బయటికొచ్చి, కొంత మళ్లీ మైకులోకే చేరుతుంది. తిరిగొచ్చేది ప్రతి చుట్టుకీ తగ్గుతున్నంతవరకు ఆరిపోతుంది. తగ్గకుండా పెరగడం మొదలైతే కూత. మానిటర్ ఆ హద్దుకి 3 డెసిబెల్స్ కింద ఉందనుకుందాం. ఇప్పుడు గాయకుడి ఛానెల్‌లో కంప్రెసర్ వేశాం: కోత మొదలయ్యే త్రెషోల్డ్ −18, రేషియో 4:1, కోత తర్వాత తిరిగి కలిపే మేకప్ గెయిన్ 6. గొంతు −6కి లేస్తే త్రెషోల్డ్ దాటిన 12లో 3 మాత్రమే మిగులుతాయి, 9 కోత పడతాయి. 6 తిరిగి కలిపినా ఆ క్షణంలో నికరంగా 3 తక్కువే. పాట ఆగగానే కోత సున్నా అవుతుంది, కలిపిన 6 మాత్రం అలాగే ఉంటుంది. 3 మాత్రమే ఖాళీ ఉన్న చోటికి 6 వచ్చి పడ్డాయి. అందుకే పాటలో లేని కూత, ఖాళీలో పుడుతుంది. పైగా గట్టిగా పాడిన ప్రతిసారీ మానిటర్‌లో తన గొంతే తగ్గినట్టు వినిపించి, గాయకుడు ఇంకా గట్టిగా పాడతాడు.

మానిటర్‌కి సిగ్నల్ ప్రీ ఫేడర్ నుంచి తీస్తున్నాం కదా అంటారు. తియ్యాల్సిందే. పోస్ట్ ఫేడర్ పెడితే జనం కోసం ఫేడర్ పైకి తోసిన ప్రతిసారీ మానిటర్ కూడా పెరుగుతుంది. కానీ చాలా మిక్సర్లలో ప్రీ ఫేడర్ అంటే ఫేడర్‌కి ముందు అని మాత్రమే. ఈక్వలైజర్, కంప్రెసర్ దాటాకే ఆ మలుపు వస్తుంది. జనానికి కంప్రెసర్ కావాలి, మానిటర్‌కి వద్దు. ఈ రెండింటినీ విడదీసేదే సబ్‌గ్రూప్, అంటే కొన్ని ఛానెళ్లని ఒకచోట కలిపి జనం వినే స్పీకర్లకి పంపే దారి.

XR18 లాంటి చిన్న మిక్సర్ తీసుకుందాం. ఇందులో మానిటర్లకైనా గ్రూపులకైనా వాడుకునే బస్సులు, అంటే ఛానెళ్ల ధ్వనిని కలిపి మోసుకెళ్లే దారులు, 6 మాత్రమే, కాబట్టి పొదుపుగా పంచాలి. బృందంలో ఇద్దరు గాయకులు, స్టీరియో కీబోర్డు, రిథమ్ ప్యాడ్, రెండు మైకుల తబలా, బేస్ గిటార్ ఉన్నారనుకోండి. 1 నుంచి 4 బస్సులు మానిటర్లకి: గాయకులకి చెరొకటి, కీబోర్డు, బేస్ వాళ్లకి ఒకటి, రిథమ్ వాళ్లకి ఒకటి. 5వ బస్సు గాత్రాల సబ్‌గ్రూప్. ఆరోది చేతిలో ఉంచుకోవచ్చు. తబలా, ప్యాడ్ కలిపి తగ్గించడానికి బస్సు ఖర్చు చేయనక్కర్లేదు, డీసీఏ చాలు. డీసీఏలోంచి ధ్వని ప్రవహించదు, అది ఫేడర్లని దూరం నుంచి కదిపే పిడి మాత్రమే. అందుకే దాని మీద కంప్రెసర్ వేయలేం, గాత్రాలకి అది సరిపోదు.

ముందు గెయిన్: గాయకుడు కచేరీలో పాడేంత గట్టిగా పాడుతుండగా మీటరు −18 చుట్టూ తిరిగి, శిఖరాలు −10 దగ్గర ఆగాలి. గాత్రం ఛానెల్‌లో లో కట్ 100 హెర్ట్జ్ దగ్గర పెట్టి, కంప్రెసర్ తీసేయండి. రెండు గాత్రాలనీ 5వ బస్సుకి సబ్‌గ్రూప్ పద్ధతిలో పంపండి, ఆ బస్సుని జనం వినే మెయిన్‌కి కలపండి, కంప్రెసర్ అక్కడ వేయండి. ఇక తప్పక మరిచిపోయే పని: గాత్రం ఛానెళ్లకి మెయిన్ ఎల్ఆర్ బటన్ ఆపడం. ఆపకపోతే గొంతు రెండు దారుల్లో మెయిన్‌కి చేరుతుంది. రెండూ సమానమైతే 6 డెసిబెల్స్ పెరుగుతుంది, కంప్రెసర్ సగమే పనిచేస్తున్నట్టుంటుంది. పరీక్ష తేలిక. 5వ బస్సుని మ్యూట్ చేసి, మానిటర్లు కూడా ఆపి పాడించండి. మెయిన్‌లో గొంతు ఇంకా వినిపిస్తే ఆ బటన్ వెలుగుతూనే ఉంది.

ఇదే పరీక్షలో గొంతు పోయి ప్రతిధ్వని మాత్రం మిగిలితే కంగారు పడకండి. రివర్బ్‌కి పంపేది ఛానెల్ నుంచి, దాని రిటర్న్ నేరుగా మెయిన్‌కి. గ్రూప్ ఫేడర్ మాట అది వినదు. 5వ బస్సునీ రివర్బ్ రిటర్న్‌నీ ఒకే డీసీఏలో వేసి, గాత్రాలని అక్కడి నుంచే తగ్గించండి.

ఈ పద్ధతికీ ఒక ఇబ్బంది ఉంది. యుగళగీతంలో ఒకరు గట్టిగా అందుకుంటే కంప్రెసర్ ఇద్దరినీ కలిపి అణుస్తుంది, రెండో గొంతు మునుగుతుంది. కోత 3, 4 డెసిబెల్స్ మించకుండా పెడితే చాలావరకు తెలియదు. గొంతుల మధ్య తేడా మరీ ఎక్కువైతే ప్రతి మైకునీ రెండేసి ఛానెళ్లకి ఇవ్వాలి: ఒకటి కంప్రెసర్‌తో మెయిన్‌కి, ఇంకోటి ఏమీ లేకుండా మానిటర్లకి మాత్రమే. అప్పుడు గ్రూపే అక్కర్లేదు. అయితే రెండు ఛానెళ్లకీ మైకు గెయిన్ ఒక్కటే. కచేరీ మధ్యలో జనం కోసం గెయిన్ 4 తగ్గిస్తే నాలుగు మానిటర్లలోనూ ఆ గొంతు 4 తగ్గుతుంది. సౌండ్‌చెక్ అయ్యాక గెయిన్ జోలికి పోకుండా ఫేడర్‌తోనే సరిచేయాలి.