పక్క స్టేషన్ కీ నొక్కితే దూరపు సిగ్నల్ ఎందుకు మునిగిపోతుంది? ఫేజ్ నాయిస్‌పై అపోహలు - వాస్తవాలు

28 మెగాహెర్ట్జ్ బ్యాండ్‌లో దూరపు మోర్స్ స్టేషన్ ఒకటి సన్నగా వినిపిస్తోంది అనుకోండి. మూడు కిలోమీటర్ల అవతల ఉన్న హామ్ అక్కడికి 5 కిలోహెర్ట్జ్ పక్కన 100 వాట్లతో కీ నొక్కగానే "స్స్" మని హోరు లేచి ఆ సన్నని టోన్‌ను కప్పేస్తుంది. కీ వదలగానే టోన్ మళ్లీ తేలుతుంది. మధ్యలో ఇంకో టోన్ ఏదీ వినిపించదు, ఉన్నదల్లా హోరే.

అపోహ: ఇంకా ఇరుకైన ఫిల్టర్ పెడితే ఈ హోరు పోతుంది.

పోదు. రిసీవర్‌లో మిక్సర్‌ను నడిపే లోకల్ ఆసిలేటర్ ఫేజ్ ప్రతి క్షణం కొద్దికొద్దిగా తొణుకుతూ ఉంటుంది. అందువల్ల దాని శక్తిలో కాస్త అసలు ఫ్రీక్వెన్సీకి రెండు పక్కలా చిందుతుంది. ఈ చిందే ఫేజ్ నాయిస్. దూరం పోయేకొద్దీ అది పలచబడుతుంది. 5 కిలోహెర్ట్జ్ పక్కన పడిన ఆ చిందు కూడా మిక్సర్ దృష్టిలో ఒక చిన్న ఆసిలేటరే. పక్క స్టేషన్ సిగ్నల్‌ను అది నాయిస్ రూపంలో సరిగ్గా మన ఫిల్టర్ మధ్యలోకి దింపుతుంది. దీన్నే రెసిప్రోకల్ మిక్సింగ్ అంటారు. లోపలికి వచ్చాక ఆ నాయిస్‌ను విడదీయడం మిక్సర్ తర్వాత ఉన్న ఏ ఫిల్టర్‌కూ సాధ్యం కాదు. వెడల్పును 500 నుంచి 250 హెర్ట్జ్‌కు తగ్గిస్తే దక్కేది 3 డెసిబెల్స్ మాత్రమే.

లెక్క వేసి చూద్దాం. అడ్డు లేకపోతే ఆ 100 వాట్ల స్టేషన్ నుంచి మన యాంటెన్నాకు, ఒక మిల్లీవాట్‌తో పోల్చి చెప్పే డీబీఎంలో, సుమారు -20 వస్తుంది. దూరపు సిగ్నల్ -110 డీబీఎం. ఆసిలేటర్ ఫేజ్ నాయిస్ 5 కిలోహెర్ట్జ్ దగ్గర హెర్ట్జ్‌కు -110 డీబీసీ, అంటే దాని అసలు సిగ్నల్ కంటే 110 డెసిబెల్స్ కింద, అనుకుంటే, 500 హెర్ట్జ్ వెడల్పుకు 27 కలిపితే -83 అవుతుంది.

```
-20 + (-110 + 27) = -103 dBm
```

అంటే హోరు మన సిగ్నల్ కంటే 7 డెసిబెల్స్ ఎత్తున కూర్చుంది. అదే ఆసిలేటర్ -140 అయితే హోరు -133 డీబీఎంకు దిగిపోతుంది, ఆ పక్క స్టేషన్ ఉన్నట్టే తెలియదు.

అపోహ: అటెన్యుయేటర్ వేస్తే సరిపోతుంది.

బలమైన సిగ్నల్స్ రిసీవర్‌లో కలిసి దొంగ సిగ్నల్స్ పుట్టించే ఇంటర్‌మాడ్యులేషన్‌కు అది మంచి మందు. 10 డెసిబెల్స్ తగ్గిస్తే మూడో ఆర్డర్ ఇంటర్‌మాడ్ 30 తగ్గుతుంది. ఇక్కడ మాత్రం హోరు 10, మన సిగ్నల్ 10 తగ్గి, తేడా అలాగే ఉంటుంది. జబ్బు ఏదో కనిపెట్టడానికి ఇదే సులువైన దారి. ఇంకో గుర్తు కూడా ఉంది: బలమైన సిగ్నల్ రిసీవర్ గెయిన్‌ను అణిచేసే బ్లాకింగ్ అయితే పక్క స్టేషన్ కీ నొక్కినప్పుడు బ్యాండ్ నాయిస్ కూడా అణగిపోతుంది, ఫేజ్ నాయిస్ అయితే పైకి లేస్తుంది.

అపోహ: టీసీఎక్స్ఓ ఉంది కాబట్టి ఆసిలేటర్ శుభ్రంగా ఉన్నట్టే.

టీసీఎక్స్ఓ అంటే ఉష్ణోగ్రత మారినా ఫ్రీక్వెన్సీని నిలకడగా ఉంచే క్రిస్టల్ ఆసిలేటర్. నిలకడ, శుభ్రత వేరువేరు గుణాలు. 0.5 పీపీఎం అంటే 28 మెగాహెర్ట్జ్‌లో 14 హెర్ట్జ్ లోపు జరుగుతుందని మాత్రమే హామీ. 5 కిలోహెర్ట్జ్ పక్కన ఎంత చిందుతుందో అది చెప్పదు. ఆసిలేటర్‌ను ఒక రిఫరెన్స్‌కు కట్టి నడిపే పీఎల్ఎల్‌లో లూప్ వెడల్పు లోపల రిఫరెన్స్ నాయిస్ పెరిగి కనిపిస్తుంది: 10 మెగాహెర్ట్జ్‌ను 100 చేస్తే 20 డెసిబెల్స్ ఎక్కువ. లూప్ వెడల్పు దాటాక మిగిలేది వోల్టేజీతో ఫ్రీక్వెన్సీ మారే ఆసిలేటర్, అంటే వీసీఓ, సొంత నాయిస్. సొంతంగా కట్టేవాళ్లకు ఒక లాభదాయకమైన మార్గం ఉంది. 112 మెగాహెర్ట్జ్‌లో ఆసిలేటర్ నడిపి నాలుగుతో భాగిస్తే ఫేజ్ నాయిస్ 12 డెసిబెల్స్ తగ్గుతుంది, డివైడర్ సొంత నాయిస్ అడ్డుపడే దాకా.

అపోహ: రిసీవర్ మారిస్తే తప్పకుండా బాగవుతుంది.

తప్పు పక్క స్టేషన్ ట్రాన్స్‌మిటర్‌ది కూడా కావచ్చు. దాని ఆసిలేటర్ చిందించిన నాయిస్ గాల్లోనే మన ఫ్రీక్వెన్సీ మీదకు వస్తుంది, చెవికి హోరు ఒకేలా ఉంటుంది. డబ్బు ఖర్చు పెట్టేముందు మీ రిసీవర్‌ను కొలవండి. రేకు డబ్బాలో పెట్టి బ్యాటరీతో నడిపే క్రిస్టల్ ఆసిలేటర్, స్టెప్ అటెన్యుయేటర్, ఏసీ మిల్లీవోల్ట్‌మీటర్ చాలు. గెయిన్‌ను తానే సర్దే ఏజీసీని ఆపి, రిసీవర్‌ను క్రిస్టల్ నుంచి 5 కిలోహెర్ట్జ్ పక్కకు తిప్పండి. ఆడియో వోల్టేజీ 1.41 రెట్లయ్యే దాకా, అంటే 3 డెసిబెల్స్ పెరిగే దాకా, క్రిస్టల్ లెవెల్ పెంచుతూ వెళ్లండి. రిసీవర్ నాయిస్ ఫ్లోర్ -130 డీబీఎం ఉండి, -47 దగ్గర ఇలా జరిగిందంటే తేడా 83. దానికి 500 హెర్ట్జ్ వెడల్పు తాలూకు 27 కలిపితే 110, అదే పైన లెక్కలో వాడిన చెడ్డ ఆసిలేటర్. క్రిస్టల్ ఆసిలేటర్ రిసీవర్ కంటే శుభ్రంగా లేకపోతే మీరు కొలిచేది దాన్నే అవుతుంది.

కొలతలో రిసీవర్ బాగుందని తేలి, పక్క స్టేషన్ వచ్చినప్పుడు మాత్రం హోరు లేస్తుంటే, సరిచేయాల్సింది అవతలి ట్రాన్స్‌మిటర్‌ను. అంతవరకూ దిశ మార్చగల యాంటెన్నా ఉంటే అది సిగ్నల్‌ను అతి తక్కువగా పట్టే దిక్కును, అంటే నల్‌ను, ఆ స్టేషన్ వైపు తిప్పండి. దూరపు స్టేషన్ వేరే దిక్కున ఉంటే, దాని సిగ్నల్‌ను అంతగా తగ్గించకుండా పక్క స్టేషన్‌ను మాత్రం బాగా తగ్గించే ఉపాయం అది. తప్పు ఎవరి ఆసిలేటర్‌ది అయినా పని చేస్తుంది.