అపోహలు - వాస్తవాలు: ‘అట్లాంటి ఆలోచనలేం లేవు కదా?’

పోయిన వారం ఓపీలో ఒక అబ్బాయి నన్ను పక్కకు పిలిచి, “మేడమ్, నాయనను చావు గురించి మాత్రం అడగకుండ్రి. లేనిపోనిది మనసులో పడుతది” అన్నాడు. నల్లగొండలో సైకియాట్రీ పీజీ చేస్తున్న ఈ రెండేళ్లలో ఈ మాట వినని వారం లేదు. ఇంట్లోవాళ్లే కాదు, తోటి డాక్టర్లు కూడా అంటారు.

అపోహ: అడిగితే ఆలోచన పుడుతుంది.

పుట్టదు. దీనిమీద పరిశోధనలు చాలానే జరిగాయి. అడిగినందువల్ల ఆత్మహత్య ఆలోచనలు పెరిగినట్టు ఎక్కడా తేలలేదు. కొందరికైతే అడగడంతోనే కొంత బరువు దిగుతుంది. ప్రమాదం అడగడంలో లేదు, ‘లేదు’ అనిపించుకునేలా అడగడంలో ఉంది. అది నాకు ఒక మనిషి పోయాక తెలిసింది. ఆయన్ను ఎవరూ గుర్తుపట్టకుండా వివరాలు మార్చి రాస్తున్నాను.

నలభై దాటిన పత్తి రైతు. రెండు బోర్లు ఎండిపోయాయి. ఒళ్లు నొప్పులు, నిద్ర లేదని ముందు జనరల్ మెడిసిన్‌కు పోతే మా దగ్గరికి పంపారు. తీవ్రమైన డిప్రెషన్. వార్డులో పది రోజులున్నాడు, సెర్ట్రలిన్ మొదలుపెట్టాం. డిశ్చార్జి నాటికి నిద్రపోతున్నాడు, తింటున్నాడు, పక్క బెడ్డాయనతో నవ్వుతూ మాట్లాడుతున్నాడు. రౌండ్స్‌లో భార్యా కొడుకూ మంచం పక్కనే ఉండగా అడిగాను: “అట్లాంటి ఆలోచనలేం లేవు కదా?”

“ఏం లేవు మేడమ్, మంచిగున్న.”

కేస్ షీట్‌లో ‘ఆత్మహత్య ఆలోచనలు లేవు’ అని రాసి, పదిహేను రోజులకు రమ్మన్నాను. ఎనిమిదో రోజు ఆయన చనిపోయాడు.

‘లేవు కదా’ అన్నప్పుడే జవాబు నేనే చెప్పేశాను. పెళ్లాం పిల్లల ముందు ఏ మగమనిషి ‘ఉన్నాయమ్మా’ అంటాడు? ఇప్పుడు ఇంట్లోవాళ్లను కాసేపు బయట కూర్చోబెట్టి, మెట్టు మెట్టుగా అడుగుతున్నాను. రాత్రి పడుకునేటప్పుడు పొద్దున లేవకపోతే బాగుండు అనిపిస్తదా? చచ్చిపోవాలన్న ఆలోచన వస్తదా? ఎట్లా అన్నదాకా పోయిందా? ఏం ఆపింది? ఆ చివరి ప్రశ్నకు చాలామంది కళ్లనీళ్లు పెట్టుకుంటారు. తొందరపెట్టకుండా కూర్చోవాలి.

అపోహ: తేరుకున్నాడు, గండం గడిచింది.

డిశ్చార్జి తర్వాతి మొదటి వారాలే అన్నిటికన్నా ప్రమాదం. నిద్రా ఆకలీ ముందు కుదుటపడినా, మనసులోని నిరాశ చాలాసార్లు వెనకే ఉండిపోతుంది. పైగా వార్డు నుంచి పోయినవాడు అవే అప్పుల్లోకి, అదే ఇంట్లోకి పోతాడు. నేను పదిహేను రోజులు గడువిచ్చాను. వారం లోపే పిలవాల్సింది.

అపోహ: చావాలనుకున్నవాణ్ణి ఎవరూ ఆపలేరు, ఒకటి దాస్తే ఇంకోటి వెతుక్కుంటాడు.

ఇంట్లో పురుగుల మందు ఉందా అని నేను అసలు అడగనే లేదు. పత్తి రైతు ఇంట్లో ఉండదా? చాలామందిలో ఆ ఉధృతి కొన్ని గంటల్లో, ఒక్కోసారి నిమిషాల్లోనే దిగిపోతుంది. ఆ కాసేపు చేతికందే దూరంలో ఏముందన్నదే చావుబతుకులు తేలుస్తుంది. శ్రీలంకలో అతి విషపూరితమైన పురుగుమందులను ఒక్కొక్కటిగా నిషేధించాక 1990ల మధ్య నుంచి ఆత్మహత్యల రేటు సగానికి పైగా పడిపోయింది. అందుకే ఇప్పుడు డిశ్చార్జికి ముందు కొడుకునో తమ్ముణ్ణో కూర్చోబెట్టి చెప్తాను: డబ్బాలు అటక మీద దాచడం, తాళం వేయడం చాలదు, కొన్నాళ్లు ఇంట్లోనే ఉంచకండి, వేరేవాళ్ల దగ్గర పెట్టండి. మా మాత్రలు కూడా ఒకేసారి వారం రోజులకు మించి ఇవ్వను, అవీ ఇంట్లో మనిషి చేతికే.

ఎవరైనా ప్రాణం తీసుకోబోతే, పోలీసు కేసవుతుందని ఆసుపత్రికి తేనివాళ్లూ ఉన్నారు. ఆసుపత్రిలో ఎంఎల్‌సీ, అంటే పోలీసులకు తెలిపే మెడికో లీగల్ కేసు రాస్తారు, నిజమే. కానీ 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ అట్లా ప్రయత్నించిన మనిషిని తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టే చూడమంటుంది, శిక్షించమనదు. ముందు తీసుకురండి. రాత్రిపూట ఎవరితోనైనా మాట్లాడాలంటే టెలీ మానస్ 14416 ఉంది, తెలుగులోనే మాట్లాడొచ్చు, ఉచితం.

నెల తర్వాత ఆయన భార్య కాగితాల కోసం వచ్చింది. నేనే ఆమెను కూర్చోబెట్టాను. “నేను పక్కన లేకుంటే చెప్పేటోడేమో మేడమ్” అంది. ‘నీ తప్పేం లేదమ్మా, బయటికి పంపాల్సింది నేను’ అన్నాను. ఆమె నా చెయ్యి పట్టుకుని చాలాసేపు కూర్చుంది.

ఆ అబ్బాయిని పోయిన వారం బయట కూర్చోమన్నాను. లోపల వాళ్ల నాయన మూడో ప్రశ్న దాకా రాకముందే చెప్పడం మొదలుపెట్టాడు. అడ్మిట్ చేశాం.