జాతర వీడియోలు, ఉచిత సంగీతం, క్లెయిములు: వివాదం మొదలైన మలుపు

ఉచితంగా దొరికిన సంగీతాన్నే వాడినా కాపీరైట్ క్లెయిములు వస్తున్నాయన్న ఫిర్యాదు పాలమూరు, నల్లగొండ ప్రాంతాల్లో జాతరలు, పెళ్లిళ్ల వీడియోలు తీసి యూట్యూబులో పెట్టేవారి మధ్య మళ్లీ రాజుకుంది. జాతర మైకులో మోగిన సినిమా పాట వీడియోలో పడితే క్లెయిము రావడం అందరికీ తెలిసిన సంగతే. మత వేడుకల్లో, పెళ్లి ఊరేగింపుల్లో పాట వినిపించడానికి మన కాపీరైట్ చట్టంలోని 52వ సెక్షన్ ఇచ్చే మినహాయింపు ఆ వేడుక వరకే వర్తిస్తుంది కనుక, వీడియోగా అప్‌లోడ్ చేసినవారు దానిని ఆధారం చేసుకోలేరు. ఇప్పటి గొడవ దానికి భిన్నమైనది. ఇక్కడ సంగీతకారుడే ‘వాడుకోండి’ అని ఇచ్చిన ట్రాకు మీద, అతని తరఫునే క్లెయిము వస్తున్నది.

యూట్యూబు 2007లో కంటెంట్ ఐడీ అనే వ్యవస్థను తెచ్చింది. హక్కుదారు ఇచ్చిన ఆడియో నమూనాతో ప్రతి అప్‌లోడును పోల్చి, పోలిక దొరికితే దానంతట అదే క్లెయిము వేయడం దాని పని. మొదట్లో ఇది పెద్ద మ్యూజిక్ కంపెనీల, సినిమా సంస్థల చేతిలో ఉండేది. తరువాతి కాలంలో పాటలను స్ట్రీమింగ్ యాప్‌లకు చేరవేసే డిస్ట్రిబ్యూటర్లు అదే సేవతోపాటు ట్రాకును కంటెంట్ ఐడీలో చేర్చే వెసులుబాటును కూడా మామూలు సంగీతకారులకు ఇవ్వసాగారు. నా దృష్టిలో అసలు మలుపు ఇదే. అంతవరకు ఉచిత ట్రాకు ఇచ్చినవాడికి యంత్రంతో సంబంధం లేదు. ఆ తరువాత, కొన్నేళ్ల క్రితం ఉచితంగా ఇచ్చిన ట్రాకునే అతను ఆల్బమ్‌లో చేర్చి, డిస్ట్రిబ్యూటరు ఫారంలో ఒక గడిలో టిక్కు పెడితే చాలు, దానిని వాడుకున్న పాత వీడియోలన్నీ పట్టుబడే పరిస్థితి వచ్చింది. లైసెన్సు అనేది మనుషుల మధ్య ఒప్పందం. యంత్రానికి వినిపించేది ధ్వని మాత్రమే, ఆ ఒప్పందం దానికి కనిపించదు.

నిజానికి యూట్యూబు నియమాల ప్రకారం, తమకు మాత్రమే హక్కున్న ధ్వనిని తప్ప మరొకదాన్ని నమూనాగా ఇవ్వకూడదు. సౌండ్ ఎఫెక్టులు, అందరికీ అమ్మే లూపులు, క్రియేటివ్ కామన్స్ వంటి స్వేచ్ఛా లైసెన్సుల కింద ఉన్నవి నమూనాలుగా పనికిరావు. అయినా అవి లోపలికి వస్తూనే ఉన్నాయి. ఆస్ట్రేలియా సంగీతకారుడు సెబాస్టియన్ టామ్‌చాక్ తానే తయారుచేసిన పది గంటల వట్టి హోరు శబ్దం వీడియోపై ఐదు క్లెయిములు వచ్చాయని 2018లో బయటపెట్టారు. వర్షం, గాలి, జనం సందడి వంటి ఎఫెక్టులు వాడేవారు గుర్తుంచుకోవలసిన ఉదంతం అది.

సంగీతకారుల వాదన కూడా తీసిపారేయదగింది కాదు. తాము నమోదు చేయకపోతే వేరెవరో తమ ట్రాకును తమదిగా నమోదు చేసుకుంటారని, లైసెన్సు చూపినవారికి క్లెయిము ఎత్తివేస్తామని వారు అంటారు. కానీ ఆ ఏర్పాటులో రుజువు చూపే భారమంతా వీడియో తీసినవారి నెత్తిన పడుతుంది. ఆ భారం ఎంతటిదో ఒక సందర్భంతో చెబితే తెలుస్తుంది.

మహబూబ్‌నగర్‌లో ఒక కుర్రవాడు కురుమూర్తి జాతరలో ఉద్దాల ఉత్సవాన్ని చిత్రించి, కొండను డ్రోనుతో తీసిన దృశ్యం కింద తాను మూడేళ్ల క్రితం దించుకున్న వేణువు ట్రాకు పెట్టాడనుకుందాం. అప్పట్లో ఆ పేజీలో క్రియేటివ్ కామన్స్ లైసెన్సు గుర్తు CC BY 4.0 అని ఉంది. అంటే ట్రాకు పేరు, కర్త పేరు, మూలం లింకు, లైసెన్సు లింకు చెప్పి డబ్బులకైనా వాడుకోవచ్చు. ఆ వివరాలన్నీ అతను వీడియో కింద రాశాడు. అయినా ఎన్నడూ వినని ఒక డిస్ట్రిబ్యూటరు పేరుతో క్లెయిము వచ్చింది. వెళ్లి చూస్తే ట్రాకు పేజీలో ఇప్పుడు ‘సర్వహక్కులూ మావే’ అని ఉంది.

చాలామంది ఇక్కడే చేతులెత్తేస్తారు, అది అనవసరం. 2002లో మొదలైన క్రియేటివ్ కామన్స్ లైసెన్సులు వెనక్కి తీసుకోవడానికి వీల్లేనివి. కర్త తరువాత మనసు మార్చుకుని పేజీ మార్చినా, నిబంధన పాటిస్తూ అంతకుముందే తీసుకున్నవారి హక్కు పోదు. కావలసింది ఆ రోజున అక్కడ ఏముందో చూపే రుజువు. అందుకే ట్రాకు దించుకున్న రోజే ఆ పేజీ చిరునామాను web.archive.org లోని ‘Save Page Now’ గడిలో ఇచ్చి తేదీతో భద్రపరచాలి. సొంత స్క్రీన్‌షాట్ కంటే మూడో పక్షం దగ్గరున్న తేదీకి విలువ ఎక్కువ. మన కుర్రవాడు ఆ పని చేయకపోయినా, ఆ పేజీ పాత ప్రతి ఒకటి అక్కడ ముందే ఉండటం అతని అదృష్టం. ఆ క్లెయిము చెల్లదంటూ యూట్యూబులో వివాదం వేసేటప్పుడు కారణంగా ‘License’ ఎంచుకుని, ఆ ప్రతి లింకును, ట్రాకు ఏ నిమిషం నుంచి ఏ నిమిషం వరకు ఉందో ఆ వివరాన్ని రాశాడు.

ఇందులో గడువు ముఖ్యం. క్లెయిము పడిన 5 రోజుల్లోపు వివాదం వేస్తే మొదటి రోజు నుంచి వచ్చిన ఆదాయాన్ని యూట్యూబు తేలేదాకా విడిగా ఉంచుతుంది. ఆలస్యమైతే వివాదం వేసిన రోజు నుంచే ఉంచుతుంది, అంతకుముందుది క్లెయిము వేసినవారికి పోతుంది. జాతర వీడియోను జనం చూసేదంతా మొదటి వారంలోనే కనుక, ఈ తేడా చిన్నది కాదు. జవాబివ్వడానికి అవతలివారికి 30 రోజులుంటాయి. ఇవ్వకపోతే క్లెయిము పోతుంది. తిరస్కరిస్తే అప్పీలు చేయవచ్చు, దానికి వారు 7 రోజుల్లో స్పందించాలి. అయితే అప్పీలును కూడా ఒప్పుకోని హక్కుదారు తొలగింపు నోటీసు ఇవ్వవచ్చు, అది చెల్లితే ఛానలుకు స్ట్రైకు పడుతుంది. అందువల్ల రుజువు చేతిలో లేకుండా అంతదాకా వెళ్లకూడదు.

అదే పేజీలో CC BY బదులు మరొక గుర్తు ఉంటే కథ వేరుగా ఉండేది. వాణిజ్యానికి వాడరాదని చెప్పే NC ఉంటే, డబ్బు తీసుకుని తీసిన పెళ్లి వీడియోకు గాని, ప్రకటనలు వచ్చే ఛానలుకు గాని దాన్ని వాడకపోవడమే మంచిది. మార్పులు చేయరాదని చెప్పే ND ఉంటే అసలు వాడకూడదు. దృశ్యానికి సంగీతాన్ని జతపరచడాన్ని ఆ లైసెన్సు మార్పుగానే లెక్కిస్తుంది, ఒక్క క్షణం కూడా కత్తిరించకపోయినా సరే. SA ఉంటే వీడియోను కూడా అదే లైసెన్సు కింద ఇవ్వాలి, దానికి పెళ్లివారు ఒప్పుకుంటారా అన్నది ముందే అడగాలి. ఎఫెక్టులకు ఫ్రీసౌండ్ వంటి చోట ప్రతి ఫైలుకూ లైసెన్సు వేరుగా ఉంటుంది కనుక, సైటు పేరు చూసి నిశ్చింతగా ఉండలేము.

ఇక వీడియోను అందరికీ కనిపించేలా చేసేముందు ‘Private’గా అప్‌లోడ్ చేసి, స్టూడియోలో ‘Checks’ పూర్తయ్యేదాకా ఆగడం మంచి అలవాటు. అయితే అది ఆ రోజుకు నమోదై ఉన్న నమూనాలతోనే పోలుస్తుంది. వచ్చే ఏడాది ఎవరైనా అదే వేణువు ట్రాకును నమోదు చేస్తే ఇప్పుడు ఏ అభ్యంతరమూ లేదని తేలిన వీడియోకే అప్పుడు క్లెయిము రావచ్చు. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌లలో పోల్చే వ్యవస్థ వేరు, కాబట్టి ఒకచోట ఎత్తివేసిన క్లెయిము మరోచోట లెక్కలోకి రాదు. ప్రస్తుతం వీడియోగ్రాఫర్లు కోరుతున్నది కూడా న్యాయమైనదే: ట్రాకును నమోదు చేసే ముందు దానిని గతంలో ఏ స్వేచ్ఛా లైసెన్సు కిందైనా ఇచ్చారా అని డిస్ట్రిబ్యూటరు సంగీతకారుణ్ణి అడగాలి, ఇచ్చి ఉంటే నమోదు చేయడం మానుకోవాలి.