పాస్‌కు నలభై శాతం: మార్కులన్నీ రాకముందే లెక్క చూసుకోవడంలో అపోహలు - వాస్తవాలు

జేఎన్‌టీయూ హైదరాబాద్ ఆర్22 నిబంధనల కింద బీటెక్ చదివే విద్యార్థులు సెమిస్టర్ మధ్యలో మెంటర్ దగ్గరకు వచ్చి తరచుగా అడిగే ప్రశ్న ఒకటే: "సార్, ఈ సబ్జెక్టు గట్టెక్కుతానా?" అప్పటికి ఒక మిడ్ మార్కులు మాత్రమే వచ్చి ఉంటాయి, రెండో మిడ్, రెండో అసైన్‌మెంట్, వైవా, చివరి పరీక్ష అన్నీ ఇంకా మిగిలే ఉంటాయి. ఆ దశలో సరైన సమాధానం చెప్పడం సాధ్యమే, కానీ లెక్క పద్ధతి తెలియాలి. ఇక్కడి అంకెలన్నీ ఆర్22 థియరీ సబ్జెక్టులవి. అటానమస్ కాలేజీలలోనూ ఇతర రెగ్యులేషన్లలోనూ విభజన వేరుగా ఉండవచ్చు కనుక ముందు మీ నిబంధనల పుస్తకం చూసుకోండి.

అపోహ: మొత్తం మీద 40 వస్తే చాలు.

నిబంధన ఒకటి కాదు, మూడు. ఇంటర్నల్స్ 40 మార్కులకు కనీసం 14, సెమిస్టర్ చివరి పరీక్ష 60 మార్కులకు కనీసం 21, రెండూ కలిపి 100కు కనీసం 40 రావాలి. మూడింటిలో ఏది తప్పినా ఆ సబ్జెక్టు పాస్ కాదు. ఉదాహరణకు ఇంటర్నల్స్‌లో 30 తెచ్చుకున్న విద్యార్థికి చివరి పరీక్షలో 18 వస్తే మొత్తం 48 అవుతుంది, అయినా ఆ సబ్జెక్టు తప్పినట్లే.

అపోహ: రెండు చోట్లా కనీస మార్కులు దాటితే పాస్ అయినట్లే.

ఎక్కువ మందిని దెబ్బతీసేది ఈ అపోహే కనుక దీని దగ్గర కాస్త ఆగుదాం. ఇంటర్నల్స్‌లో 14, చివరి పరీక్షలో 21 వస్తే రెండు కనీసాలూ దాటినట్లే, కానీ మొత్తం 35 మాత్రమే. మిగిలిన 5 మార్కులను ఎక్కడో ఒక చోట సంపాదించాలి. ఇంటర్నల్స్‌లో 14 దగ్గరే ఆగిన వారికి చివరి పరీక్షలో 21 సరిపోదు, 26 కావాలి. 16 ఉన్నవారికి 24 కావాలి. 19 ఉన్నవారికి 21 చాలు. ఇంటర్నల్స్ 19 దాటిన తరువాత ఎన్ని వచ్చినా చివరి పరీక్షలో కావలసింది 21 కంటే తగ్గదు. ఆ పైన వచ్చినవి గ్రేడ్‌కు ఉపయోగపడతాయి తప్ప పాస్ గీతను కిందికి దించవు.

అందుచేత ఇంటర్నల్స్ విషయంలో గుర్తుంచుకోవలసిన అంకె 14 కాదు, 19 అని నా అభిప్రాయం. పద్నాలుగు దాటితే చివరి పరీక్ష మార్కులు చెల్లుతాయి. పంతొమ్మిది చేరితేనే ఆ పరీక్షలో కనీస మార్కు తెచ్చుకుని బయటపడే అవకాశం ఉంటుంది.

అపోహ: ఇప్పటి వరకు 48 శాతం ఉంది కాబట్టి భయం లేదు.

ఒక విద్యార్థికి మొదటి మిడ్‌లో 30కి 13, మొదటి అసైన్‌మెంట్‌లో 5కు 4 వచ్చాయనుకుందాం. రెండూ కలిపితే 35కు 17, అంటే 48 శాతం పైనే. కానీ ఆ శాతానికి అర్థం లేదు, ఎందుకంటే ఇంటర్నల్స్‌లో రెండు మిడ్‌ల సగటు 30కి, రెండు అసైన్‌మెంట్‌ల సగటు 5కు, వైవా లేదా ప్రజెంటేషన్ వంటివి మరో 5కు లెక్కిస్తారు. సగటు తీస్తారు కాబట్టి మొదటి మిడ్‌లో వచ్చిన 13లో ఇప్పటికి చేతికి వచ్చింది 6.5 మాత్రమే, అసైన్‌మెంట్ 4లో వచ్చింది 2. అంటే ఈ విద్యార్థి ఖాతాలో ఖాయంగా ఉన్నది 40కి 8.5, ఇంకా రావలసిన వాటిలో గరిష్ఠంగా వచ్చేది 22.5.

ఇప్పుడు ప్రశ్నను మార్చి అడగాలి: 19కి చేరడానికి ఇంకా 10.5 కావాలి, అవి ఎక్కడి నుంచి వస్తాయి? రెండో అసైన్‌మెంట్‌లో మళ్లీ 4 వస్తే 2 కలుస్తాయి. వైవాలో 3 వస్తే మిగిలేది 5.5, అంటే రెండో మిడ్‌లో 30కి 11 తెచ్చుకుంటే సరిపోతుంది. వైవాకు అసలు వెళ్లకపోతే అదే లక్ష్యానికి రెండో మిడ్‌లో 17 కావాలి. వైవా మార్కు పూర్తిగా కలుస్తుంది, మిడ్ మార్కులో సగమే కలుస్తుంది; మూడు మార్కుల వైవాను వదులుకుంటే ఆరు మార్కుల మిడ్ భారం నెత్తిన పడేది అందుకే. విద్యార్థులు తేలికగా తీసుకునేది కూడా ఆ వైవానే.

అపోహ: ఎక్సెల్‌లో సగటు ఫార్ములా పెడితే సరైన స్థితి తెలుస్తుంది.

రాని మార్కు గడిని ఖాళీగా వదిలి `AVERAGE` వాడితే, ఆ ఫార్ములా ఖాళీ గడిని లెక్కలోకే తీసుకోదు. మొదటి మిడ్ 13, రెండోది ఖాళీ అయితే సగటు 13 అని చూపిస్తుంది. రెండో మిడ్‌లోనూ అంతే వస్తుందని ఊహించినట్లు. విద్యార్థి దానిని వచ్చిన మార్కు అనుకుంటాడు. ఖాయమైనది మాత్రమే కనిపించాలంటే సగటును మనమే రాసుకోవాలి. మిడ్‌లు B, C గడులలో, అసైన్‌మెంట్‌లు D, E గడులలో, వైవా F గడిలో ఉంటే G2లోనూ H2లోనూ వరుసగా ఇవి పెట్టాలి:

```
=(B2+C2)/2+(D2+E2)/2+F2
=MAX(21,40-G2)
```

మొదటిది ఇప్పటికి ఖాయమైన ఇంటర్నల్స్. రెండోది ఆ స్థితిలో చివరి పరీక్షలో కావలసిన మార్కు. G2 పద్నాలుగుకు చేరేవరకు H2ను నమ్మకూడదు, ఎందుకంటే అప్పటికి చివరి పరీక్ష మార్కు చెల్లే అర్హతే రాలేదు. మన ఉదాహరణలో మొదట G2 8.5 చూపుతుంది. రెండో మిడ్‌లో 9, అసైన్‌మెంట్‌లో 4, వైవాలో 3 వచ్చాయనుకుంటే G2 18 అవుతుంది, H2 22 చూపుతుంది. ఆ 22ను పేపర్ మీద చూసుకోవచ్చు: పార్ట్-ఎలో పది ఒక మార్కు ప్రశ్నలు, పార్ట్-బిలో యూనిట్‌కు ఒకటి చొప్పున ఐదు పది మార్కుల ప్రశ్నలు ఉంటాయి. పార్ట్-ఎలో 6 వస్తే పార్ట్-బిలో 16 కావాలి. రెండు యూనిట్లను పూర్తిగా వదిలేసినవారు మిగిలిన మూడింటిలోనే ఆ 16 తేవాలి, అంటే ప్రతి జవాబుకూ సగటున 5కు పైగా రావాలి.

అపోహ: ఈసారి పోతే సప్లీలో అంతా కొత్తగా మొదలవుతుంది.

సప్లిమెంటరీలో రాసేది చివరి పరీక్ష ఒక్కటే. పాత ఇంటర్నల్స్ అలాగే కలుస్తాయి. 14తో ఆగినవారికి ఎన్నిసార్లు రాసినా కావలసింది 26. 19 ఉన్నవారికి ఎప్పుడు రాసినా 21. రెండో మిడ్‌కు ముందు వారంలో చదివిన చదువు ఆ సెమిస్టర్‌తో తీరిపోదు, ఆ సబ్జెక్టు పాస్ అయ్యేవరకు ప్రతి ప్రయత్నంలోనూ ఈ 5 మార్కుల తేడాగా కనిపిస్తూనే ఉంటుంది.