పాలు తాగితే నీలం, ఏడిస్తే ఎరుపు: పురిటి గదిలో ఆగిపోయిన ఒక గొట్టం కథ

పుట్టిన ప్రతి బిడ్డ ముక్కులోనూ సన్నని గొట్టం వేసి, దారి తెరిచి ఉందో లేదో చూడాలా? పిల్లల వైద్యుల మధ్య ఈ వాదన మళ్లీ మొదలైంది. పాలు పట్టేటప్పుడు నీలంగా మారిన పసిబిడ్డకు రెండు ముక్కు దారులూ వెనుక మూసుకుపోయాయని ఆలస్యంగా తేలిన ప్రతిసారీ ఇదే ప్రశ్న లేస్తుంది. కోయానల్ అట్రీషియా అనే ఈ లోపం సుమారు 5 వేల నుంచి 8 వేల జననాల్లో ఒకరికి ఉంటుంది. 1755లో రోడరర్ దీన్ని మొదట గుర్తించడం, 1850ల్లో ఎమ్మెర్ట్ చేసిన శస్త్రచికిత్స పాఠ్యపుస్తకాల్లో ఉన్నవే కాబట్టి వాటిని పక్కన పెడదాం. నేటి గొడవకు మూలం అంత వెనక లేదు. పురిటి గదిలో రోజూ జరిగే ఒక చిన్న పని ఆగిపోవడంలో ఉంది.

ఒకప్పుడు బిడ్డ బయటపడగానే నోట్లోనూ ముక్కులోనూ సక్షన్ గొట్టం వేసి ఉమ్మనీరు, చీమిడి లాగేసేవారు. బిడ్డ బాగా ఏడుస్తున్నా, ఒళ్లు ఎర్రగా ఉన్నా చేసేవారు. ఆ గొట్టం వేసేది ముక్కు వెనుక దారి చూడటానికి కాదు. కానీ అది గొంతులోకి దిగకపోతే చేతికి తెలిసిపోయేది. పాలు పట్టకముందే, ఎవరూ వెతక్కుండానే లోపం దొరికేది.

1971లో కార్డెరో, హాన్ అనే ఇద్దరు వైద్యులు అప్పుడే పుట్టిన పిల్లల ముక్కు, గొంతులను గొట్టంతో తాకితే ఏమవుతుందో గమనించి రాశారు. కొందరిలో గుండె వేగం బాగా పడిపోయింది, కొందరికి ఊపిరి కాసేపు ఆగింది. గొంతు వెనుక భాగాన్ని తాకితే వేగస్ నాడి స్పందిస్తుంది, అందుకే ఇలా జరుగుతుంది. ఆ పరిశీలన వెంటనే ఆచారాన్ని మార్చలేదు. దశాబ్దాల తరబడి ఇలాంటి ఆధారాలు పోగుపడ్డాక, 2010 నాటి అంతర్జాతీయ మార్గదర్శకాలు ఆరోగ్యంగా ఉన్న బిడ్డకు మామూలుగా సక్షన్ చేయవద్దని చెప్పాయి. ఊపిరి దారికి అడ్డం కనిపిస్తే మాత్రమే చేయాలన్నాయి.

నా దృష్టిలో మలుపు ఇక్కడే ఉంది. సక్షన్ మానడం సరైన పనే, బిడ్డలకు మేలే జరిగింది. అయితే ఆ గొట్టం చెప్పకుండా చేస్తున్న రెండో పనిని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు, దాని బదులు ఏం చేయాలో రాయలేదు. ముక్కు దారి పరీక్ష అలా పురిటి గది నుంచి మొదటి పాలు పట్టే వేళకు జారిపోయింది.

దీనికి ఒక పాత వాక్యం కూడా తోడైంది. పసిబిడ్డ ముక్కుతో తప్ప ఊపిరి పీల్చలేదని తరతరాలుగా విద్యార్థులకు నేర్పారు. దాని ప్రకారం రెండు దారులూ మూసుకుపోయిన బిడ్డ పుట్టగానే ఉక్కిరిబిక్కిరి కావాలి. కాబట్టి ఎర్రగా, హాయిగా ఉన్న బిడ్డకు ముక్కు తెరిచే ఉందని అనుకుంటారు. ఈ మాట పూర్తిగా నిజం కాదని 1980ల మధ్యలో జరిగిన పరిశోధనలు చూపించాయి. ముక్కు మూస్తే పసిపిల్లల్లో చాలామంది కొన్ని క్షణాల తర్వాత నోరు తెరిచి పీల్చుకోగలరు. వాళ్లకు ముక్కే ఇష్టమైన దారి, అంతే. పసిబిడ్డ గొంతులో కొండనాలుక వైపు భాగమూ ఊపిరి దారి మూతా దాదాపు ఆనుకుని ఉంటాయి, నాలుక నోటినంతా నింపేస్తుంది. అందుకే నిద్రలో, పాలు తాగేటప్పుడు నోటి దారి మూసుకుపోతుంది. ఏడ్చినప్పుడు తెరుచుకుంటుంది.

పుట్టగానే గుక్కపట్టి ఏడ్చిన బిడ్డ అందుకే మోసం చేస్తుంది. ఏడుస్తున్నంతసేపూ నోటితో ఊపిరి బాగా ఆడుతుంది, రంగు బాగుంటుంది, అన్నీ సరిగ్గా ఉన్నట్టే కనిపిస్తాయి.

ఇది ఎలా బయటపడుతుందో చూడటానికి ఒక పాపను ఊహించుకుందాం. నెలలు నిండి పుట్టింది, బరువు 2.9 కిలోలు. మూడో గంటలో తల్లి రొమ్ము పట్టించింది. పాప ఆత్రంగా పట్టుకుని నాలుగైదు గుక్కలు లాగింది. తర్వాత డొక్కలు లోపలికి పీక్కుపోయాయి, పెదవుల చుట్టూ నీలం తేలింది, తల వెనక్కి వాల్చి రొమ్ము వదిలేసింది. వెంటనే గట్టిగా ఏడ్చింది. ఏడుస్తుండగానే రంగు తిరిగి వచ్చింది. ఊరుకోగానే మళ్లీ మసకబారింది. పాలు పొలమారాయనుకున్నారు. రెండోసారి పట్టినప్పుడూ అదే వరస.

పక్కనున్న నర్సు రెండు విషయాలు గమనించింది. దగ్గు రాలేదు, పాలు బయటికి రాలేదు, అంటే పొలమారడంలా లేదు. పైగా ఏడుపుతో నీలం తగ్గింది. గుండె లోపం వల్ల వచ్చే నీలం సాధారణంగా ఏడిస్తే ముదురుతుంది. ఏడిస్తే విరిగి, ఊరుకుంటే తిరిగి వచ్చే నీలం కనిపిస్తే ముందుగా ముక్కు వైపే చూడాలి.

ఆమె చల్లటి లోహపు స్పాచులా ఒకదాన్ని ముక్కు రంధ్రాల కింద పెట్టింది. పాప నోరు మూసుకుని ఉన్న క్షణంలో ఏ రంధ్రం కింద ఆవిరి మరక పడుతుందో చూసింది. రెండు వైపులా పడలేదు. చిన్న దూది పోగు పెట్టినా కదలలేదు. ఈ పరీక్షకు అర నిమిషం చాలు, గొట్టం వేయాల్సిన పని లేదు. కానీ దీనికో పరిమితి ఉంది. నోటి గాలి పక్కనుంచి తగిలితే తప్పుడు మరక పడవచ్చు, చీమిడి అడ్డం ఉంటే తెరిచి ఉన్న దారీ మూసుకుపోయినట్టే అనిపించవచ్చు. అందుకే మరక లేదన్నది ఇంకా నిర్ధారణ కాదు, పరీక్ష ముందుకు సాగాలన్న సూచన మాత్రమే.

ముందు ఊపిరి చూసుకోవాలి కాబట్టి నోట్లో ఓరల్ ఎయిర్‌వే అనే వంపు తిరిగిన చిన్న గొట్టం పెట్టారు. ఆక్సిజన్ శాతం 78 నుంచి 97కి ఎగబాకింది. ఇది కూడా ఒక ఆధారమే. నోటి దారి తెరిస్తే చాలు బాగుపడిందంటే అడ్డం ముక్కు వైపు ఉన్నట్టే. కింద ఊపిరితిత్తుల్లో జబ్బుంటే నోరు తెరిచినంత మాత్రాన అంత తేడా రాదు.

ఇప్పుడు గొట్టం వేశారు. 6 ఫ్రెంచ్ సైజు ఫీడింగ్ ట్యూబు, అంటే 2 మిల్లీమీటర్ల మందం. కొనకు జెల్ రాసి, ముక్కు నేల వెంబడి నేరుగా వెనక్కి పంపారు. ముక్కు రంధ్రం పైకి చూస్తుంటుంది కాబట్టి చేయి పైకి తోయాలని చూస్తుంది. అలా చేస్తే ట్యూబు పై గోడకు తగిలి, మూసుకుపోయిన దారిలా అనిపిస్తుంది. కుడివైపు 3.2 సెంటీమీటర్ల దగ్గర గట్టిగా ఆగింది. ఎడమవైపు 3.3. రెండు చోట్లా రాతికి తగిలినట్టు, వంగని ఆటంకం.

ఆ అంకెకు చాలా విలువుంది. ముక్కు వెనుక గొంతులోకి తెరుచుకునే ద్వారమైన కోయానా దగ్గర మూతబడితే ట్యూబు సాధారణంగా రంధ్రం అంచు నుంచి 3 నుంచి 3.5 సెంటీమీటర్ల దగ్గర ఆగుతుంది. సెంటీమీటరు లోపే ఆగితే అడ్డం ముందు భాగంలో ఉంది, అది పైరిఫాం ద్వారం ఇరుకు అనే వేరే లోపం కావచ్చు. మెత్తగా తగిలి, అటూఇటూ తిప్పితే దాటితే వాపో, వంకర తిరిగిన నడిమి గోడో అయి ఉండొచ్చు. ఇంకో మోసం కూడా ఉంది. ట్యూబు లోపలే చుట్టుకుపోయి, చేతికి మాత్రం ముందుకు వెళ్లినట్టే ఉంటుంది. 3 సెంటీమీటర్లకు పైగా వెళ్లిందని చూసి తెరిచి ఉందని రాసేయడం తప్పు. గొంతులో ట్యూబు కొన కనిపిస్తేనే అది దాటినట్టు.

అనుమానం ఖరారు చేసేవి ఎండోస్కోపు, సీటీ స్కాన్. ఇక్కడ ఇంకో మార్పు జరిగింది, అదీ నేటి వాదనకు సంబంధించిందే. ఈ లోపాల్లో పదికి తొమ్మిది పూర్తిగా ఎముకవనీ, ఒకటి పొర అనీ ఒక పాత లెక్క చాలాకాలం చెలామణి అయింది. బ్రౌన్, ఆయన సహచరులు 1996లో సీటీ చిత్రాలను తిరిగి చూసి వేరే సంగతి చెప్పారు. సుమారు 30 శాతం పూర్తిగా ఎముక, 70 శాతం ఎముకా పొరా కలిసినవి. పొర మాత్రమే ఉన్నవి వారికి కనిపించలేదు. ఎముక లేని అడ్డమే అరుదైనప్పుడు, ట్యూబును కాస్త గట్టిగా తోస్తే పొర చిరిగి దారి వస్తుందన్న పాత ఆశకు ఆధారం లేదు. అలా తోస్తే రక్తం కారడం తప్ప వేరే లాభం లేదు.

ఆ స్కాన్ కూడా సిద్ధం చేసి తీయాలి. ముందు ముక్కు దిబ్బడ తగ్గించే చుక్కలు వేసి, చీమిడి లాగేయాలి. లేకపోతే మూత వెనుక నిలిచిన చీమిడి మందపాటి పొరలా కనిపించి కొలత తప్పుతుంది. మన పాపకు అలా తీసిన సన్నని అడ్డు ముక్కల్లో, ముక్కు నడిమి గోడ వెనుక ఎముక అయిన వోమర్ 5 మిల్లీమీటర్ల మందం ఉంది. ఈ వయసులో సగటున 2.3 మిల్లీమీటర్ల లోపే ఉండాలి. పక్క ఎముకలు లోపలికి జరిగాయి, మధ్యలో సన్నటి పొర. రెండువైపులా కలగలుపు రకం. ఆ తర్వాత గుండె, కళ్లు, చెవులు చూశారు. రెండు వైపులా మూసుకుపోయిన పిల్లల్లో, ఈ అవయవాల లోపాలన్నీ కలిసి వచ్చే చార్జ్ సిండ్రోమ్ తరచుగా కనిపిస్తుంది కాబట్టి ఇది తప్పనిసరి.

ఇప్పుడు వాదనకు తిరిగి వద్దాం. అందరికీ ట్యూబు వేయాలనేవారు పాత రోజులు గుర్తు చేస్తారు. పుట్టిన నిమిషాల్లో తెలిసిపోయేది కదా, ఒక్క బిడ్డను కాపాడినా చాలదా అంటారు. వాళ్ల ఆందోళన నాకు అర్థమవుతుంది. కానీ వేలమంది ముక్కుల్లో ట్యూబు వేస్తే ఒక్కరిలో లోపం దొరుకుతుంది. ఆ వేలమందిలో గొంతు తాకడం వల్ల గుండె వేగం పడిపోయేవాళ్లు, లోపలి పొర వాచి నిజంగానే ముక్కు దిబ్బడ పట్టేవాళ్లు ఉంటారు. మొదటి పాలు పట్టేటప్పుడు శిక్షణ ఉన్న మనిషి పక్కన నిలబడి, రెండు మూడు నిమిషాలు రంగునీ డొక్కలనీ చూసి, అనుమానం వస్తే చల్లటి లోహం పెట్టి, అప్పుడు ట్యూబు వేస్తే సరిపోతుందని రెండో పక్షం అంటుంది. మన పాప కథలో జరిగింది అదే. అయితే ఈ మాట నిలబడాలంటే ఆ నర్సు నిజంగా పక్కన ఉండాలి. మొదటి పాలు పట్టించి ఇంకో మంచం దగ్గరికి వెళ్లిపోతే, ఏడిస్తే తగ్గిన నీలాన్ని చూసేవాళ్లే ఉండరు.

ట్యూబు పక్షానికి మిగిలిన బలమైన వాదన ఒకవైపు మూత. ఇది రెండువైపుల దానికన్నా ఎక్కువ, తరచుగా కుడివైపు ఉంటుంది. ఆ బిడ్డ తెరిచి ఉన్న రంధ్రంతో హాయిగా తాగుతుంది. ఆవిరి పరీక్ష ఎవరూ చేయరు. రొమ్ము ఆ రంధ్రానికి ఒత్తుకున్నప్పుడో, జలుబు చేసి అది దిబ్బడ పట్టినప్పుడో మాత్రమే నీలం కనిపించవచ్చు. లేదంటే కొన్నేళ్ల తర్వాత ఒకే రంధ్రం నుంచి ఎప్పుడూ చిక్కటి చీమిడి కారుతోందని చూపిస్తే తెలుస్తుంది. పుట్టగానే ట్యూబు వేసి ఉంటే వీళ్లు దొరికేవారన్నది నిజం. కానీ ఊపిరికి ఇబ్బంది లేని ఒకవైపు మూతకు శస్త్రచికిత్సను ముక్కు కాస్త ఎదిగేదాకా, కొన్నేళ్లయినా ఆపుతారు. మొదటి గంటలో తెలిసినా చేసేది ఎదురుచూడటమే.