కరీంనగర్‌కి ఇన్సెంటివ్ ఎలా వచ్చింది: IFERROR గొడవ వెనక కథ

గొడవ మళ్లీ లేచింది కాబట్టి ఇది గబగబా రాస్తున్నాను. బ్రాంచీల అమ్మకాల ఎక్సెల్ షీట్‌లో శాతం కాలమ్ నుంచి, ఎర్రర్లు కనపడకుండా దాచే IFERROR పీకేయాలని ఆడిట్‌కి వచ్చిన అమ్మాయి పట్టుబట్టింది. పీకేస్తే ఎండీ గారి దగ్గరికి వెళ్లే కాగితం మీద #DIV/0! అని పడుతుంది, అప్పుడు ఆయన ముందు ఎవరు నిలబడతారు అన్నది మా అకౌంట్స్ హెడ్ గారి వాదన. ఇదంతా రేగింది పోయిన నెల ఇన్సెంటివ్ లిస్టులో కరీంనగర్ పేరు కనిపించడంతో. అమ్మకాలు 30 లక్షల నుంచి 24 లక్షలకి పడిపోయిన బ్రాంచి అది.

సున్నాతో భాగించకూడదని అందరికీ తెలుసు, ఎక్సెల్ దానికి #DIV/0! అంటుందనీ తెలుసు. అదంతా వదిలేసి నేరుగా 2007కి వెళ్దాం, నా దృష్టిలో అసలు మలుపు అక్కడే ఉంది. ఎక్సెల్ 2007కి ముందు IFERROR అనేదే లేదు. ఎర్రర్ కనిపించకూడదంటే ఇలా రాయాలి:

```
=IF(ISERROR(B5/C5-1),0,B5/C5-1)
```

అంటే లెక్క మొత్తం రెండుసార్లు రాయాలి. లోపల వేరే పట్టికలోంచి అంకె వెతికి తెచ్చే VLOOKUP ఉంటే అదీ రెండుసార్లే. ఫార్ములా పొడవుకి అప్పట్లో 1,024 అక్షరాల పరిమితి ఉండేది, పెద్ద లెక్కలైతే అది కూడా అడ్డం వచ్చేది. ఈ బాధ పడలేక చాలామంది పాతకాలం అకౌంటెంట్లు ఇంకో దారి పట్టారు. ఎర్రర్ వచ్చాక పట్టుకోవడం మానేసి, భాగించే అంకె సున్నానా అని ముందే అడిగేవాళ్లు: `=IF(C5=0,0,B5/C5-1)`. బద్ధకంతో పట్టిన దారే అయినా ప్రశ్న మాత్రం సరైనది. సున్నా ఒక్కటే తెలిసిన ఇబ్బంది, కాబట్టి దాని గురించే అడిగారు. ఇంకేదైనా తేడా ఉంటే ఎర్రర్ ఎర్రర్‌లాగే పైకి కనిపించేది.

IFERROR వచ్చాక ఆ ప్రశ్న అడగాల్సిన అవసరం పోయింది. ఫార్ములా చుట్టూ ఒక తొడుగు, చివర కామా, సున్నా, అయిపోయింది. చిక్కేమిటంటే అది #DIV/0! ఒక్కదాన్నే మింగదు. పేరు దొరక్కపోతే వచ్చే #N/A, అంకె ఉండాల్సిన చోట అక్షరాలు ఉంటే వచ్చే #VALUE!, ఎవరో కాలమ్ డిలీట్ చేస్తే వచ్చే #REF!, ఫంక్షన్ పేరు తప్పు కొడితే వచ్చే #NAME?, అన్నిటినీ ఒకే గుటకలో మింగేస్తుంది. తర్వాత ఎక్సెల్ 2013లో #N/A ఒక్కదాన్నే పట్టే IFNA వచ్చింది కానీ, #DIV/0! ఒక్కదాన్నే పట్టే ఫంక్షన్ ఈ రోజుకీ లేదు. అందుకే శాతాల కాలమ్‌లో ఇప్పటికీ IFERROR రాజ్యమే నడుస్తోంది.

మా షీట్ ఆ 2007 తర్వాతి తరానిది. అందులో పోయిన ఏడాది అంకెల కాలమ్ లేదు. అవి వేరే షీట్‌లో LY అనే పేరుతో ఉన్నాయి, శాతం ఫార్ములా అక్కడి నుంచే తెచ్చుకుంటుంది:

```
=IFERROR(B5/VLOOKUP(A5,LY,2,0)-1,0)
```

అర్థం కావడానికి అయిదు బ్రాంచీలు తీసుకుంటాను, అంకెలు లక్షల్లో. వరంగల్ 40 నుంచి 46కి వెళ్లింది, 15 శాతం. ఖమ్మం 25 నుంచి 27, అంటే 8 శాతం. నల్గొండ 20 నుంచి 21, 5 శాతం. సిద్దిపేట ఈ ఏడాదే తెరిచారు, పోయిన ఏడాది సున్నా, ఇప్పుడు 6. కరీంనగర్ 30 నుంచి 24, అంటే మైనస్ 20 శాతం రావాలి.

రాలేదు. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ నుంచి దించిన ఫైల్‌లో కరీంనగర్ పేరు చివర కంటికి కనపడని ఒక ఖాళీ ఉంది, LYలో లేదు. VLOOKUPకి పేరు దొరకలేదు, #N/A వచ్చింది, IFERROR దాన్ని సున్నా చేసింది. పక్కనే సిద్దిపేటకి #DIV/0! వచ్చింది, అదీ సున్నా అయింది. ఒకటి కొత్త బ్రాంచి కాబట్టి లెక్క కట్టలేని సున్నా, ఇంకొకటి పేరు కుదరక వచ్చిన సున్నా. షీట్ మీద రెండూ 0%, చూసేవాళ్లకి తేడా తెలిసే దారే లేదు. సగటు 5.6 శాతం చూపించింది. సిద్దిపేటని పక్కన పెట్టి మిగతా నాలుగింటికీ సరిగ్గా లెక్కేస్తే వచ్చేది 2. నిజానికి శాతాల మీద సగటు తీయడమే తప్పు, మొత్తాల మీద చూస్తే 115 నుంచి 118, అంటే 2.6 శాతం, కానీ ఆ గొడవ ఇంకోసారి.

ఇక్కడ హెడ్ గారి మాట కూడా చెప్పాలి. కొత్త బ్రాంచికి సున్నా శాతం చూపించడం బాగాలేదని ఆరు నెలల కిందట ఆయనే గుర్తించారు. సరిదిద్దమని చెప్పారు కూడా. సరిదిద్దినవాళ్లు చివరి సున్నా తీసేసి అక్కడ `""` పెట్టారు. కాగితం చాలా శుభ్రంగా కనిపించింది.

అసలు నష్టం జరిగింది ఆ రోజే. ఎక్సెల్‌లో `""` అంటే ఖాళీ గడి కాదు, ఒక్క అక్షరం కూడా లేని టెక్స్ట్ కింద లెక్క. AVERAGE టెక్స్ట్‌ని పట్టించుకోదు కాబట్టి సిద్దిపేటతో పాటు కరీంనగర్ కూడా లెక్కలోంచి జారిపోయింది. 15, 8, 5 మిగిలాయి. సగటు 5.6 నుంచి ఒక్కసారిగా 9.3కి ఎగిరింది. అసలు 2 ఉండాల్సిన చోట! ఎవరికీ అనుమానం రాలేదు, అంకె బాగుంటే అనుమానం ఎవరికొస్తుంది?

ఇంకా ఉంది. పక్క కాలమ్‌లో ఇన్సెంటివ్ ఫార్ములా:

```
=IF(C5>=10%,"అవును","కాదు")
```

ఎక్సెల్ టెక్స్ట్‌ని, అంకెని పోల్చాల్సి వస్తే ఎప్పుడూ టెక్స్టే పెద్దది అంటుంది. అందులో ఒక్క అక్షరం లేకపోయినా సరే. `""` అనేది 10 శాతం కన్నా పెద్దదే. అలా 20 శాతం పడిపోయిన కరీంనగర్ ఇన్సెంటివ్ లిస్టులోకి ఎక్కింది, 8 శాతం పెరిగిన ఖమ్మం బయట నిలబడింది. ఖమ్మం మేనేజర్ ఫోన్ చేసి అడిగితే గానీ ఎవరూ షీట్ తెరిచి చూడలేదు. పాత పద్ధతిలో సున్నా ఉన్నప్పుడు కనీసం ఈ అన్యాయం జరగలేదని హెడ్ గారు అంటున్నారు. ఆ మాట వరకు నిజమే.

ఆడిట్ అమ్మాయి చెప్పేది కూడా ఉన్నదున్నట్టు చెప్తాను. IFERROR వాడకూడదని ఆమె అనడం లేదు. పోయిన ఏడాది అంకె ఫార్ములా లోపల దాక్కోకూడదు, దాని కాలమ్ దానికి ఉండాలి అంటోంది. అంటే C5లో `=VLOOKUP(A5,LY,2,0)`, దాని చుట్టూ ఏ తొడుగూ లేకుండా. D5లో శాతం:

```
=IF(C5=0,"కొత్త",B5/C5-1)
```

ఇలా పెడితే సిద్దిపేట దగ్గర "కొత్త" అని వస్తుంది, కరీంనగర్ దగ్గర #N/A అని అరుస్తుంది. కింద సగటు కూడా #N/A అయి కూర్చుంటుంది. అవ్వాలి కూడా, ఒక బ్రాంచి పేరు కుదరనప్పుడు సగటు చెప్పే హక్కు షీట్‌కి లేదు. మేం అలా మార్చి చూశాక పేరులో ఖాళీ దొరకడానికి రెండు నిమిషాలు పట్టింది: రెండు షీట్లలోనూ పేరు మీద అక్షరాలు లెక్కపెట్టే LEN వేస్తే ఒకచోట ఒకటి ఎక్కువ వచ్చింది. అదనపు ఖాళీలు తీసే TRIM వేస్తే పోలేదు, ఎందుకంటే అది మామూలు ఖాళీ కాదు, సాఫ్ట్‌వేర్ ఎక్స్‌పోర్ట్‌లలో దొర్లే CHAR(160). దాన్ని `SUBSTITUTE(A5,CHAR(160),"")` తోనే తీయాలి.

"కొత్త" కూడా టెక్స్టే కదా, సిద్దిపేటకి మళ్లీ ఇన్సెంటివ్ వస్తుంది కదా అని హెడ్ గారు వెంటనే పట్టుకున్నారు. కరెక్టే. కాబట్టి ఇన్సెంటివ్ ఫార్ములా కూడా మారాలి, ముందు అది అంకేనా అని అడగాలి:

```
=IF(ISNUMBER(D5),IF(D5>=10%,"అవును","కాదు"),"చూడాలి")
```

ఇక్కడ #N/A వచ్చినా "చూడాలి" అనే పడుతుంది. ఇది కూడా ఎర్రర్‌ని కప్పడమే కదా అని ఒకరన్నారు. కప్పింది నిజమే కానీ దాని మీద జెండా పాతి కప్పింది, D కాలమ్‌లో అసలు ఎర్రర్ అలాగే ఉంది.

ఈ పద్ధతికి ఒక గుడ్డిమచ్చ ఉంది, దాన్ని ఇద్దరూ ఒప్పుకున్నారు. LYలో పేరు ఉండి పక్కన అంకె కొట్టడం మర్చిపోతే VLOOKUP ఆ ఖాళీ గడిని సున్నాగా తెచ్చిస్తుంది. అప్పుడు పదేళ్ల నాటి బ్రాంచి కూడా "కొత్త" అయిపోతుంది. దీనికి శాతం కాలమ్‌లో మందు లేదు, LY దగ్గరే COUNTBLANK పెట్టి ఖాళీలు సున్నా అయ్యాకే ముందుకు కదలాలి. అంకె బదులు ఎవరైనా "NIL" అని కొడితే మాత్రం భయం లేదు, #VALUE! వచ్చి తనే బయటపడుతుంది.

ఇక ఎండీ గారి కాగితం సంగతి. ఇన్నాళ్లూ ఈ గొడవ మొత్తానికి కారణం అదే, ఎర్రర్లు దాచాలన్న టెన్షన్ అక్కడిదే. దానికి ఫార్ములాని ముట్టుకోనక్కర్లేదు. పేజ్ సెటప్‌లో షీట్ ట్యాబ్‌కి వెళ్తే "Cell errors as" అని ఒకటి ఉంటుంది, అక్కడ `--` ఎంచుకుంటే ప్రింట్‌లో ఎర్రర్ల చోట రెండు గీతలు పడతాయి, షీట్‌లో ఎర్రర్ ఎర్రర్‌లాగే ఉంటుంది. ఈ సౌకర్యం మా ఆఫీసులో ఒక్కరికీ తెలియదు, నాతో సహా. దాంతో పాటు షీట్ పైన ఒక గడిలో, శాతం కాలమ్‌లో ఎర్రర్లు ఎన్నున్నాయో లెక్కపెట్టే ఇది పెట్టాలని ఆడిట్ అమ్మాయి షరతు:

```
=SUMPRODUCT(--ISERROR(D5:D9))
```

ఇది సున్నా చూపిస్తేనే ప్రింట్ ఇవ్వాలి. రెండు గీతలు పడ్డ కాగితాన్ని ఇది ఆపుతుంది కదా, మరి ఆ గీతలెందుకు అని హెడ్ గారు అడుగుతున్నారు. నెల మధ్యలో చిత్తు ప్రతి అడిగినప్పుడు ఇవ్వడానికి అని ఆమె సమాధానం. ప్రస్తుతం వాదన అక్కడ ఆగింది.

ఈలోగా Ctrl+F కొట్టి, వెతికే చోటు ఫార్ములాలు అని పెట్టి, `IFERROR(` కోసం వర్క్‌బుక్ మొత్తం గాలించారు. అమ్మకాల షీట్ ఒక్కటే కాదు, బకాయిల షీట్‌లోనూ, స్టాకు షీట్‌లోనూ అదే తొడుగు, అదే `""`. స్టాకు షీట్‌ని ఇంకా ఎవరూ విప్పలేదు.