శవరక్తంలో డిజాక్సిన్: అపోహలు - వాస్తవాలు

అపోహ: శవపరీక్షలో తీసిన రక్తంలో మందు ఎంత ఉందో, మరణ సమయంలోనూ అంతే ఉంది.

వాస్తవం: గుండెజబ్బుకు వాడే డిజాక్సిన్ విషయంలో ఈ లెక్క బాగా తప్పుతుంది. చికిత్స పొందుతున్న రోగి రక్తంలో ఈ మందు సాధారణంగా మిల్లీలీటరుకు 0.5 నుంచి 2 నానోగ్రాముల వరకు ఉంటుంది, కానీ గుండె కండరంలో అంతకు ఎన్నో రెట్లు పేరుకుంటుంది. ప్రాణం పోయాక కండర కణాలు మందును పట్టి ఉంచలేవు కనుక అది పక్కనున్న రక్తంలోకి ఊరుతుంది. అందుకే గుండె గదుల్లోంచి కాక తొడ సిరను పైభాగంలో ముడివేసి, అక్కడి నుంచి రక్తం తీయాలి. అక్కడ కూడా అంకె కొంత పెరుగుతుందన్నది మరువరాదు.

నిపుణ సాక్షిగా నేను అభిప్రాయం చెప్పాల్సిన ఒక కల్పిత కేసు చూద్దాం. డెబ్బై ఎనిమిదేళ్ల వృద్ధురాలు మరణించగా, రోజూ మాత్రలు ఇచ్చే బంధువుపై హత్యానేరం మోపారు. గుండె రక్తంలో 9, తొడ రక్తంలో 4 నానోగ్రాములు తేలాయి. మొదటి అంకె వినగానే మోతాదు మించి ఇచ్చారని అనిపిస్తుంది. అయితే కంటిలోని ద్రవంలో, మూత్రపిండాలు వడపోసి పంపే వ్యర్థమైన క్రియాటినిన్ డెసిలీటరుకు 3.5 మిల్లీగ్రాములు ఉంది. మరణానంతరం పెద్దగా మారని ఈ కొలత, ఆమె మూత్రపిండాలు అప్పటికే దెబ్బతిన్నాయని చెబుతుంది. డిజాక్సిన్ ప్రధానంగా మూత్రపిండాల ద్వారానే బయటికి పోతుంది కాబట్టి, వైద్యుడు రాసిన మోతాదే కొన్ని వారాల్లో పేరుకుని ఈ స్థాయికి చేరి ఉండవచ్చు. జీర్ణాశయంలో మాత్రల అవశేషాలు ఎక్కువగా దొరికి ఉంటే నా అభిప్రాయం మరోలా ఉండేది.

అపోహ: కోసి చూస్తే విషప్రభావం కనిపిస్తుంది.

వాస్తవం: డిజాక్సిన్‌కు ప్రత్యేకమైన గుర్తేదీ శవంలో మిగలదు. మరణానికి ముందు వాంతులు, పసుపురంగు చూపు, ఈసీజీలో లయ తప్పడం వంటివి ఆసుపత్రి కాగితాల్లో ఉంటే అవే ఎక్కువ ఉపయోగపడతాయి.

అపోహ: నిపుణుడు చెప్పిందే తీర్పు.

వాస్తవం: నిపుణుడిది అభిప్రాయం మాత్రమే, న్యాయస్థానం దాని వెనుక ఉన్న కారణాలను తూకం వేస్తుంది. పై కేసులో నేను చెప్పగలిగింది ఒక్కటే: డిజాక్సిన్ విషప్రభావం మరణానికి కారణమో, దోహదమో అయి ఉండవచ్చు. ఎవరు ఇచ్చారు, ఏ ఉద్దేశంతో ఇచ్చారు అన్నవి నా పరిధిలోనివి కావు, అడిగినా జవాబు చెప్పకూడదు. క్రాస్ ఎగ్జామినేషన్‌లో న్యాయవాది మొదట పట్టుకోవలసింది రక్త నమూనా సీసా లేబుల్‌ను. రక్తం ఎక్కడి నుంచి తీశారో రాయకపోతే 9 అన్న అంకెకు విలువ దాదాపు ఉండదు. రెండో ప్రశ్న పరీక్షా పద్ధతి గురించి: యాంటీబాడీలతో మందును గుర్తించే ఇమ్యునోఅస్సే ఒక్కటే చేసి ఉంటే, శరీరంలో సహజంగా ఉండే, డిజాక్సిన్‌ను పోలిన పదార్థాలు కూడా లెక్కలో కలిసి ఉండవచ్చు, అణువుల బరువును బట్టి గుర్తించే మాస్ స్పెక్ట్రోమెట్రీతో నిర్ధారణ కావాలి.

‘ఉండవచ్చు’ అన్నంత మాత్రాన అభిప్రాయం వ్యర్థం కాదు. బంధువు చేతిలోని స్ట్రిప్పుల్లో వాడకానికి మించి మాత్రలు తగ్గాయని వేరే సాక్ష్యం రుజువు చేస్తే, నా మాట దానికి బలాన్నిస్తుంది. ఆ లెక్కే రుజువు కాకపోతే, దాన్ని ఆధారం చేసుకుని నేను చెప్పిన భాగమూ నిలవదు.